పలక కన్నా వేగంగా పరిగెత్తిన నీళ్లు

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి పదకొండున్నరకి మా రూమ్మేట్ నా లాప్‌టాప్ వైపు వంగి చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "పలక పది మీద వెళ్తుంటే దాని పైనున్న నీళ్లు ఇరవై మీద ఎలా వెళ్తాయి రా?"

నా దగ్గర సమాధానం లేదు. వాడిది మెకానికల్, నాది కంప్యూటర్ సైన్స్. పొద్దున తొమ్మిదికి వాడి అసైన్‌మెంట్ ఇచ్చెయ్యాలి. "ఒక లూప్ రాస్తే అయిపోయే పనికి ఇంత టెన్షన్ ఎందుకురా, రెండు ఎగ్ పఫ్‌లు ఇప్పించు, నేను రాసిస్తా" అని మాటిచ్చింది నేనే. ఆ రాత్రి నా కోడ్ రెండుసార్లు తప్పింది. మొదటి తప్పు గట్టిగా అరిచింది. రెండోది చప్పుడు చెయ్యకుండా నవ్వుతూ కూర్చుంది. ఆ రెండింటి తేడా చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు సమస్య ఏంటి?

ఒక చదునైన పెద్ద పలక. దాని పైన కదలకుండా నిలబడి ఉన్న నీళ్లు. లోతు ఎంతైనా ఉందనుకోండి. ఉన్నట్టుండి పలకని పక్కకి సెకనుకి 10 మిల్లీమీటర్ల వేగంతో లాగడం మొదలుపెట్టాం, అదే వేగంతో లాగుతూనే ఉన్నాం. పైనున్న నీళ్లు ఎప్పుడు, ఎంత ఎత్తువరకు, ఎంత వేగంతో కదులుతాయి? ఇదే ప్రశ్న.

1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ లోలకాల మీద గాలి రాపిడి ఎలా పనిచేస్తుందో రాసిన పెద్ద పేపర్లో ఈ లెక్క ఉంది. 1911లో లార్డ్ రేలీ కూడా దీన్ని వాడుకున్నాడు. అందుకే కొన్ని పుస్తకాల్లో స్టోక్స్ మొదటి సమస్య అని, కొన్నింట్లో రేలీ సమస్య అని ఉంటుంది. రెండూ ఒకటే.

ఊహించుకోవడానికి మన ల్యాబ్ రికార్డుల దొంతర చాలు. అడుగు రికార్డుని పక్కకి లాగితే దాని మీది రికార్డు కొంచెం కదులుతుంది, అది దాని పైదాన్ని ఇంకొంచెం లాగుతుంది. నీళ్లనీ అలాగే పల్చటి పొరల దొంతర అనుకోవచ్చు. పలకని అంటుకున్న పొర పలకతోపాటే వెళ్తుంది. అది తన పై పొరకి కొంత మొమెంటం ఇస్తుంది, ఆ పొర దాని పైదానికి ఇస్తుంది. మన తెలుగు పుస్తకాల్లో ద్రవ్యవేగం అనేది ఇదే. నీళ్లు పైకి పోవు, ఉన్నచోటే పక్కకి జరుగుతాయి. పైకి పాకేది మొమెంటం మాత్రమే.

ఇప్పుడు మధ్యలో ఒక పొరని చూడండి. కింది పొర దాన్ని ముందుకి లాగుతోంది, పై పొర వెనక్కి పట్టుకుంటోంది. కింద నుంచి వచ్చేది, పైకి పోయేది సమానమైతే దాని వేగం మారదు. తేడా ఉంటేనే మారుతుంది. అంటే మార్పుని నిర్ణయించేది వేగాల తేడా కాదు, ఆ తేడాల మధ్య తేడా. ఈ మాటే సమీకరణంగా రాస్తే

`∂u/∂t = ν ∂²u/∂y²`

`u` అంటే వేగం, `y` అంటే పలక నుంచి ఎత్తు. `ν` అంటే కైనమాటిక్ విస్కాసిటీ, మొమెంటం ఎంత చురుగ్గా పాకుతుందో చెప్పే సంఖ్య. 20 డిగ్రీల దగ్గర నీళ్లకి ఇది దాదాపు సెకనుకి 1 చదరపు మిల్లీమీటరు. గాలికి దాదాపు 15! చిక్కగా ఉండే నీళ్లలో కన్నా పల్చని గాలిలో మొమెంటం తొందరగా పాకుతుందంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు. నీళ్ల జిగట ఎక్కువే, కానీ బరువు అంతకన్నా ఎక్కువ. `ν` అంటే జిగటని సాంద్రతతో భాగిస్తే వచ్చేది కాబట్టి గాలిదే పైచేయి.

నీళ్లకి `ν` విలువ 1 కావడం మనకి పెద్ద వరం. మిల్లీమీటర్లు, సెకన్లలో లెక్క వేసుకుంటే అన్నీ నోటిలెక్కలే.

లూప్‌గా మార్చడం

కంప్యూటర్‌కి అవిచ్ఛిన్నమైన నీళ్లు తెలియవు, లిస్ట్ మాత్రమే తెలుసు. అందుకని ఎత్తుని `dy` దూరంలో ఉండే బిందువులుగా, కాలాన్ని `dt` అంగలుగా ముక్కలు చేస్తాం. తేడాల మధ్య తేడా అంటే పై బిందువు, కింది బిందువు కలిపి, అందులోంచి మధ్య బిందువుకి రెండింతలు తీసెయ్యడమే. దాన్ని `r = ν·dt/dy²` అనే సంఖ్యతో గుణించి పాత వేగానికి కలిపితే కొత్త వేగం వస్తుంది. ఫైనైట్ డిఫరెన్స్ పద్ధతుల్లో అన్నిటికన్నా సులువైనది ఇదే.

```python
nu, U = 1.0, 10.0
dy, dt = 1.0, 0.25
N, steps = 60, 400
r = nu * dt / dy**2
u = [0.0] * (N + 1)
u[0] = U
for n in range(steps):
    v = u[:]
    for j in range(1, N):
        v[j] = u[j] + r * (u[j+1] - 2*u[j] + u[j-1])
    u = v
print(r, u[10])
```

ఇందులో 60 మిల్లీమీటర్ల ఎత్తు దగ్గర నీళ్లు కదలవని ఒప్పేసుకున్నాం. అసలు సమస్యలో పైకప్పు లేదు, కానీ లిస్ట్‌కి ఎక్కడో ఒక చివర ఉండాలిగా. 60 అని గాల్లోంచి తీసుకోలేదు. వేగం పలక వేగంలో నూరోవంతుకి పడిపోయే ఎత్తు సుమారు `3.6√(νt)`. వంద సెకన్లకి అది 36 మిల్లీమీటర్లు. 60 దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు. అదే 30 పెట్టుంటే, ఇంకా కదలాల్సిన నీళ్లని మేకు కొట్టి ఆపినట్టయ్యేది. అనుమానం వస్తే ఎత్తుని రెండింతలు చేసి మళ్లీ నడపండి. జవాబు మారకపోతే పైకప్పు అడ్డురానట్టే.

మొదటి ఒక్క సెకను, అంటే నాలుగు అంగలు, కాగితం మీద వేసి చూడొచ్చు. `r` ఇక్కడ 0.25. కాబట్టి ప్రతి కొత్త వేగం అంటే పాత వేగంలో సగం, పక్కవాళ్లిద్దరి నుంచి చెరో పావు. 1 మిల్లీమీటరు ఎత్తులో వేగం వరుసగా 2.5, 3.75, 4.53, 5.08 అవుతుంది. ఈ సమస్యకి చేత్తో రాయగలిగే కచ్చితమైన జవాబు కూడా ఉంది:

`u = U·erfc(y / (2√(νt)))`

దాని ప్రకారం ఒక సెకను తర్వాత 1 మిల్లీమీటరు దగ్గర 4.80 ఉండాలి, మనకి 5.08 వచ్చింది. 2 మిల్లీమీటర్ల దగ్గర 1.57 ఉండాలి, మనకి 1.80 వచ్చింది. ఆశ్చర్యమేం లేదు. ఒక సెకనులో కదలిక పాకేదే మూడున్నర మిల్లీమీటర్లు, అందులో మన బిందువులు మూడే. మూడు చుక్కలతో వంపు గీస్తే ఆ మాత్రం తేడా వస్తుంది. అదే వంద సెకన్ల తర్వాత 10 మిల్లీమీటర్ల దగ్గర చూస్తే కోడ్ 4.798 అంటుంది, సూత్రం 4.795 అంటుంది. అప్పటికి వంపు వెడల్పయ్యింది, చుక్కలు సరిపడా ఉన్నాయి.

మొదటి తప్పు: అరిచింది

ఇక్కడితో ఆపేసుంటే హాయిగా పడుకునేవాళ్లం. కానీ మొదటి సెకను గ్రాఫ్ ముక్కలు ముక్కలుగా, మూలలు తేలి కనిపించింది. "చుక్కలు పెంచితే పోతుంది" అని `dy`ని 0.5 చేశాను, `N`ని 120 చేశాను. `dt` జోలికి పోలేదు. నా ఉద్దేశంలో నేను కోడ్‌ని మెరుగుపరుస్తున్నాను.

రన్ చేస్తే గ్రాఫ్ నిలువు గీత పక్కన 1e అని, దాని తర్వాత 180 దాటిన సంఖ్య. అంటే వేగం 180కి పైగా అంకెలున్న సంఖ్య! భయపడి మొదటి కొన్ని వరుసలు ప్రింట్ చేశాం. ఎడమ చివర పలక, కుడివైపుకి వెళ్లేకొద్దీ పై పొరలు, కిందికి వెళ్లేకొద్దీ కాలం:

```
10    0    0    0    0
10   10    0    0    0
10    0   10    0    0
10   20  -10   10    0
10  -20   40  -20   10
```

మావాడు వేలు పెట్టి చూపించింది నాలుగో వరుసలోని ఆ 20నే. నేను కోడ్‌లో తప్పు వెతుకుతున్నాను, వాడు నీళ్లలో తప్పు వెతికాడు. ఈ నీళ్లని కదిలించేది పలక ఒక్కటే. ఏ పొర వేగమూ 10 దాటకూడదు, సున్నా కిందికి పోకూడదు. ఆ రెండు గీతలు దాటిందంటే అది నీళ్ల కథ కాదు, లెక్క కథ.

సూత్రాన్ని కొంచెం సర్ది రాస్తే కారణం బయటపడుతుంది. కొత్త వేగం అంటే నీ పాత వేగానికి `(1 - 2r)` వంతు, పక్కవాళ్లిద్దరి వేగాలకి చెరో `r` వంతు. ప్రతి బిందువూ తన దగ్గర ఉన్నదాంట్లో `r` వంతు కిందికి, `r` వంతు పైకి పంచి, మిగిలింది తను ఉంచుకుంటోందన్నమాట. `r` 0.25 అయితే సగం పంచి సగం ఉంచుకుంటుంది. 0.5 అయితే ఉన్నదంతా పంచేస్తుంది. 0.5 దాటితే చేతిలో లేనిది కూడా పంచుతుంది, అంటే అప్పు చేసి పప్పుకూడు. `(1 - 2r)` రుణ సంఖ్య అవుతుంది. ఒక అంగలో పైకి ఎగిరిన బిందువు తర్వాతి అంగలో కిందికి పడుతుంది, పడ్డప్పుడు ఎగిరినదానికన్నా లోతుకి పడుతుంది.

నేను `dy`ని సగం చేసినప్పుడు `r`లో `dy` వర్గం ఉందన్న సంగతి మర్చిపోయాను. సగం చేస్తే `r` నాలుగింతలవుతుంది. 0.25 కాస్తా 1 అయ్యింది. `r` 1 ఉన్నప్పుడు పక్కపక్క బిందువుల మధ్య ఎగుడుదిగుడు ఒక్కో అంగకి దాదాపు మూడింతలు పెరుగుతుంది. నాలుగు వందల అంగలకి ఏమవుతుందో ఆ గ్రాఫే చెప్పింది. అందుకే ఈ పద్ధతికి గట్టి నియమం ఉంది: `r` ఎప్పుడూ 0.5 దాటకూడదు.

ఈ నియమానికి ఖరీదు ఉంది. `dy` సగమైతే `dt` పావు కావాలి. బిందువులు రెండింతలు, అంగలు నాలుగింతలు, మొత్తం పని ఎనిమిదింతలు. ఈ ఖరీదు భరించలేనప్పుడు కొత్త వేగాలన్నింటినీ ఒకేసారి సమీకరణాలుగా రాసి సాధించే ఇంప్లిసిట్ పద్ధతులకి వెళ్తారు. వాటికి ఈ గీత లేదు. కానీ అక్కడా మొదటి క్షణాల్లో అంగలు చిన్నవిగా వెయ్యకపోతే ఆ తొలి వంపు సరిగా రాదు.

రెండో తప్పు: నవ్వింది

`dt`ని 0.0625 చేశాను, అంగలు 1600 చేశాను. గ్రాఫ్ నున్నగా వచ్చింది. టైమ్ ఒంటిగంట. అక్కడ నాలోని కంప్యూటర్ సైన్స్ వాడు నిద్రలేచాడు. ప్రతి అంగకీ లిస్ట్ మొత్తం కాపీ చెయ్యడం దండగ కదా అనిపించి, `v = u[:]` అన్న లైన్‌ని `v = u` చేసేశాను. ఇప్పుడు `v`, `u` రెండూ ఒకటే లిస్ట్. కాపీ ఖర్చు తప్పింది.

గ్రాఫ్ చూశాను. నున్నగా ఉంది. పది దాటలేదు, సున్నా కిందికి పోలేదు. పలక దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. "స్మూత్‌గా ఉందిగా, ప్రింట్ తీసెయ్" అన్నాను. మావాడు మాత్రం "ఆగు, సూత్రం గీత కూడా దీని మీదే గీయి, సార్ అడుగుతారు" అన్నాడు. పైథాన్‌లో `math.erfc` ఉంది కాబట్టి ఒక్క లైన్ పని. గీస్తే రెండు గీతలు కలవలేదు. వంద సెకన్ల తర్వాత 10 మిల్లీమీటర్ల దగ్గర సూత్రం 4.795 అంటే, నా కోడ్ దాదాపు 5.4 అంటోంది.

చుక్కలు చాలలేదేమో అనుకున్నాం. `r`ని అలాగే ఉంచి `dy` మార్చి చూశాం. 1 పెట్టినా, 0.5 పెట్టినా 5.4 చుట్టూనే. చుక్కలు మార్చినా జవాబు మారకపోతే దాన్ని నమ్మొచ్చని మావాడికి క్లాసులో చెప్పారట. ఆ పరీక్షలో నా తప్పు కోడ్ ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యింది. కానీ `r`ని 0.25 నుంచి 0.1కి దించితే జవాబు 5.0కి దిగింది. అక్కడ దొరికింది. `r` అనేది మనం పెట్టుకున్న అంగల కొలత, దానికి నీళ్లతో సంబంధం లేదు. అంగల కొలత మార్చితే నీళ్ల వేగం ఇంతలా మారకూడదు.

జరిగింది ఇది. లూప్ కింది నుంచి పైకి వెళ్తుంది. `j` దగ్గరికి వచ్చేసరికి కింది బిందువు `j-1` అప్పటికే కొత్త వేగంలోకి మారిపోయి ఉంటుంది. పాతవి ఉండాల్సిన చోట ఒకటి కొత్తది దూరింది. దానివల్ల ఒక్కో అంగలో అదనంగా కలిసేది కింది బిందువులో వచ్చిన మార్పుకి `r` వంతు. పక్కపక్క బిందువుల మార్పు దాదాపు ఒకటే కాబట్టి ఇలా రాయొచ్చు: మార్పు అంటే న్యాయంగా రావలసిన మార్పు, దానికి తోడు మళ్లీ మార్పులో `r` వంతు. సర్దితే, వచ్చే మార్పు అంటే న్యాయమైన మార్పుని `(1 - r)`తో భాగించినది. `r` 0.25 అయితే 1ని 0.75తో భాగించాలి, 1.33 వస్తుంది. అంటే నా కోడ్ చాలా నిజాయితీగా, నున్నగా, వేరే ద్రవానికి లెక్క కట్టింది. ఆ ద్రవం `ν` నీళ్లకన్నా మూడోవంతు ఎక్కువ. అలాంటి ద్రవానికి సూత్రంలో వేసి చూస్తే 5.40 వస్తుంది. అక్షరాలా నా కోడ్ చెప్పినదే.

చుక్కల పరీక్ష ఎందుకు పట్టుకోలేదో ఇప్పుడు తెలుస్తుంది. ఈ తప్పు `r` మీద మాత్రమే ఆధారపడుతుంది. `r`ని కదపకుండా చుక్కలు ఎన్ని పెంచినా, ఆ లేని ద్రవం జవాబుకే ఇంకా ఇంకా దగ్గరవుతాం. కాబట్టి మీరెవరైనా ఇలాంటి కోడ్ రాస్తే `dy` ఒక్కటే మార్చి ఊరుకోకండి. `dy`ని ఆపి `dt`ని కూడా మార్చి చూడండి. అన్నిటికన్నా ముందు, తెలిసిన జవాబు ఉన్న సమస్య మీద మీ కోడ్‌ని నడపండి. స్టోక్స్ పలక ఇప్పటికీ పాఠాల్లో ఉండటానికి ఒక కారణం అదే. చేతికి జవాబు అందే సమస్య కాబట్టి, జవాబు అందని సమస్యల మీదికి పంపే ముందు కోడ్‌ని నిలబెట్టి కొలవడానికి అది పనికొస్తుంది.

రెండున్నరకి ఆ `u` వెనకాల `[:]` తిరిగి పెట్టాం. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. మావాడి రిపోర్ట్‌లో గ్రాఫ్ కింద `r = 0.25` అని నేనే టైప్ చేశాను.

ఎగ్ పఫ్‌లు మాత్రం ఒక్కటే వచ్చింది. "పలక కన్నా ఫాస్ట్‌గా నీళ్లని పరిగెత్తించినందుకు ఒకటి కట్" అన్నాడు. రెండో తప్పు వాడు లెక్కలోకి తీసుకోలేదు. అసలు దానికే రెండూ కట్ చెయ్యాల్సింది.